బోర్డు నెలనెలా చూసే పేజీలో ఏయే అంకెలుండాలి?

ప్రశ్న: ఎంబీఏ అయ్యాక వికారాబాద్ జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థలో సీఈఓగా చేరాను. కందులు కొని, పప్పు ఆడించి అమ్ముతాం. బ్యాంకు రుణం కోసం బిజినెస్ ప్లాన్ రాస్తున్నాను. పని ప్లాన్ ప్రకారం నడుస్తోందో లేదో ప్రతి నెలా తెలిసేలా కేపీఐలు, అంటే పనితీరు చెప్పే ముఖ్యమైన అంకెల భాగం పెట్టమని మా ఛైర్మన్ గారు అడిగారు. ఇరవై కేపీఐలతో పట్టిక ఇస్తే డైరెక్టర్లు పక్కన పెట్టేశారు. ఎలా రాయాలి? ఇది నా కెరీర్‌కు ఏమైనా పనికొస్తుందా?

జవాబు: ముందు ఆ ఇరవైని ఐదుకు తగ్గించండి. మీ వ్యాపారానికి సరిపోయేవి ఇవి: సేకరించిన కందులు, పప్పు రికవరీ, క్వింటాలుకు మిగులు, ముప్పై రోజులు దాటిన బాకీలు, రాబోయే నాలుగు వారాల చెల్లింపులకు చేతిలో ఉన్న డబ్బు. సభ్యుల సంఖ్య, శిక్షణలు, సమావేశాల హాజరు వంటివి వార్షిక నివేదికకు వదిలేయండి. ఒక అంకె తగ్గిందని చెబితే డైరెక్టరు 'అయితే ఈ నెల ఏం చేద్దాం?' అని అడిగేలా ఉండాలి. అలా అడగడానికి వీల్లేని అంకెకు ఈ పేజీలో చోటివ్వకండి.

ఈ ఐదింటిలో రికవరీని, అంటే క్వింటాలు కందులు ఆడిస్తే ఎన్ని కిలోల పప్పు వస్తుందన్నదాన్ని కాస్త లోతుగా చూద్దాం, ఎందుకంటే మీ లాభమంతా అక్కడే ఉంది. లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం. క్వింటాలు కందులు 7,800 రూపాయలకు కొన్నారు. 72 కిలోల పప్పు వచ్చింది, కిలో 115 చొప్పున 8,280. నూక, చున్నీ, పొట్టు కలిపి 24 కిలోలు, సగటున కిలో 25 చొప్పున 600. మొత్తం రాబడి 8,880. మిల్లు ఖర్చు, సంచులు, హమాలీ, రవాణా కలిపి 600 పోతే మిగులు 480. ఇప్పుడు రికవరీ 72 నుంచి 69కి పడిపోయి, ఆ మూడు కిలోలు నూకలోకి, పొట్టులోకి వెళ్లాయనుకోండి. పప్పులో 345 పోతుంది, నూక, పొట్టు రూపంలో 75 తిరిగొస్తుంది. నికరంగా 270 నష్టం. 480 ఉన్న మిగులు 210కి దిగింది. కొన్న ధర మారలేదు, అమ్మిన ధర మారలేదు, అయినా సగానికి పైగా లాభం మిల్లులోనే పోయింది.

దీన్ని ఏడాదికి లెక్కేయండి. వెయ్యి క్వింటాళ్లు ఆడిస్తే 4.8 లక్షల మిగులు కాస్తా 2.1 లక్షలవుతుంది. మీలాంటి రైతు ఉత్పత్తిదారుల సంస్థల కోసం ఉన్న పదివేల ఎఫ్‌పీఓల కేంద్ర పథకం కింద సీఈఓకు నెలకు గరిష్ఠంగా 25 వేలు, అకౌంటెంటుకు 10 వేలు మొదటి మూడేళ్లే సాయంగా వస్తాయి. ఆ తర్వాత మీ ఇద్దరి జీతాలకు ఏడాదికి 4.2 లక్షలు సంస్థే సంపాదించుకోవాలి. రికవరీ 72 దగ్గర నిలిస్తే ఆ జీతాలు ఎలాగో వెళ్తాయి, 69 దగ్గరైతే వెళ్లవు. ఈ ఒక్క లెక్కను ప్లాన్‌లో పెట్టండి. డైరెక్టర్లకు పట్టికలో రికవరీ గడి మీద శ్రద్ధ దానంతటదే వస్తుంది.

అయితే రికవరీని ఎలా లెక్కిస్తారో ముందే రాసి పెట్టుకోవాలి. చాలామంది ఈ నెల వచ్చిన పప్పును ఈ నెల కొన్న కందులతో భాగిస్తారు. జనవరిలో కొన్న సరుకు మార్చిలో ఆడిస్తే జనవరి అంకె ఘోరంగా, మార్చి అంకె నమ్మలేనంత గొప్పగా కనిపిస్తుంది. లాటు వారీగా, మిల్లులో పోసిన కందుల తూకంతోనే భాగించండి. పప్పుతో పాటు నూక, పొట్టు, తరుగు కూడా పక్కనే రాయండి, జబ్బు ఎక్కడుందో అవే చెబుతాయి. పైన లెక్కలో 72, 24 కలిస్తే 96, అంటే తరుగు 4 కిలోలు. తరుగు పెరిగితే కొనేటప్పుడే తేమ, మట్టి ఎక్కువున్నాయని అర్థం, కాంటా దగ్గర తేమ మీటరు వాడుతున్నారో లేదో చూడాలి. తరుగు మామూలుగానే ఉండి నూక పెరిగితే పొట్టు ఊడదీసే ఎమెరీ రోలర్‌ను, గింజల సైజును, పురుగు పట్టిన సరుకును చూడాలి. పొట్టు ఊడని గింజలు మిగులుతుంటే నూనె పట్టించడం, ఆరబెట్టడం చాల్లేదేమో చూడాలి. తాండూరు కందికి 2022లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి, ఆ పేరుతో అమ్మదగ్గ సరుకు లాట్లను విడిగా ఉంచి, వాటి లెక్క విడిగా రాయడం మంచిది.

ఇక నెలవారీ లక్ష్యం. వెయ్యి క్వింటాళ్లను పన్నెండుతో భాగించి నెలకు 83 అని రాస్తే మిగతా పట్టికంతా దండగ. కంది పంట చేతికి రావడం డిసెంబరు చివర మొదలై మార్చికల్లా అయిపోతుంది. డిసెంబరుకు 50, జనవరికి 400, ఫిబ్రవరికి 400, మార్చికి 150 అని ప్లాన్ వేయండి. మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎంతయిందో మరో గడిలో చూపండి. ఫిబ్రవరి ఆఖరుకు 850 ఉండాల్సింది 600 ఉంటే మార్చిలో పూడ్చుకోవడం కష్టమని బోర్డుకు ఒక్క చూపులో తెలుస్తుంది. డబ్బు గడి కూడా దీన్నే అనుసరిస్తుంది. జనవరిలోనే 400 క్వింటాళ్లకు 31.2 లక్షలు రైతులకు చెల్లించాలి, పప్పు అమ్మకాలు మాత్రం నెలల తరబడి సాగుతాయి. కాబట్టి ఆ గడిలో బ్యాంకు నిల్వ ఒక్కటే రాస్తే చాలదు. నిల్వ, క్యాష్ క్రెడిట్‌లో ఇంకా వాడుకోగలిగింది, నాలుగు వారాల్లో కట్టాల్సింది, ఈ మూడూ కలిపి చూపాలి.

సీజను మధ్యలో ప్లాన్ గడిని దిద్దాలని ఒత్తిడి వస్తుంది. వర్షాలు దెబ్బతీసినా, ధర పెరిగినా దాన్ని అలాగే ఉంచి, పక్కన 'తాజా అంచనా' అని ఇంకో గడి పెట్టండి. లక్ష్యాన్నే సవరిస్తూ పోతే ఏడాది చివర అన్నీ నూరు శాతమే కనిపిస్తాయి, ఎక్కడ తప్పిందో ఎవరికీ తెలియదు.

ప్రతి అంకెకూ దాటకూడని ఒక గీత, బాధ్యుడిగా ఒక పేరు, అప్పుడు చేయాల్సిన ఒక పని ఉండాలి. ఉదాహరణకు, వరుసగా రెండు లాట్లలో రికవరీ 71 కంటే తగ్గితే మిల్లు సూపర్‌వైజర్ మూడు రోజుల్లో కారణం చెప్పాలి. 70 కంటే తగ్గితే కారణం తేలేదాకా కొత్త లాటు ఆడించకూడదు. ముప్పై రోజులు దాటిన బాకీ ఉన్న వ్యాపారికి కొత్త సరుకు అప్పివ్వకూడదు. సీజను మొదలవకముందే వీటికి బోర్డు ఆమోదం తీసుకోండి, అమలు రోజున వ్యక్తుల మధ్య గొడవ ఉండదు.

మీ సంస్థ ప్రొడ్యూసర్ కంపెనీగా నమోదై ఉంటే, చట్టం ప్రకారం బోర్డు మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. మీకు మూడు నెలలంటే కొనుగోళ్ల సీజనంతా అయిపోయినట్టే. అందుకే 5వ తేదీకి పుస్తకాలు ముగించి, 7కల్లా ఈ ఒక్క పేజీని తెలుగులో అచ్చేసి డైరెక్టర్లకు అందించండి. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులోనూ ఈ పేజీలోనూ సరుకు నిల్వ ఒకటే ఉండాలి. తేడా వస్తే పంపేముందే గోదాములో సంచులు లెక్కపెట్టించండి.

కెరీర్ సంగతికొస్తే, గ్రామీణ బ్యాంకింగ్‌లోనో, అగ్రి కంపెనీల్లోనో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీ సర్టిఫికెట్ కంటే ఒక సీజను పాటు నింపిన ఈ పేజీలే ఎక్కువ మాట్లాడతాయి. బోర్డు అనుమతితో, పేర్లు తీసేసి దాచుకోండి. ఏ నెల ఏ అంకె తప్పింది, ఏం చేశారు, తర్వాత ఏమైంది అని వెనుక నాలుగు వాక్యాలు రాసి ఉంచుకోండి.

ప్లాన్ బ్యాంకుకు ఇచ్చేముందు పోయిన సీజను రిజిస్టర్లు తీసి, జనవరి నుంచి మార్చి దాకా ఈ ఐదు గడులూ నింపి చూడండి. ఏదైనా నిండకపోతే ఆ సమాచారం మీ దగ్గర ఎవరూ రాయడం లేదన్నమాట. మీ సంస్థలో అది బహుశా లాటు వారీ తూకమే అయి ఉంటుంది. ఆ రిజిస్టరు ముందు తెరిపించండి, పట్టిక తర్వాత.