టెక్ సందేహాలు: మూడు సిగ్నళ్లు కలిసిపోయాక ఎవరి బిట్ ఏదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: సార్, సీడీఎంఏలో అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి పంపుతారని మా పుస్తకంలో ఉంది. గాలిలో అన్నీ కలిసిపోయాక ఒక్కరి బిట్‌ను రిసీవర్ ఎలా బయటికి తీస్తుంది? లెక్క చేసి మార్కులు తెచ్చుకుంటున్నాను గానీ అది ఎందుకు పనిచేస్తుందో అర్థం కావడం లేదు. ఒకరు అసలేమీ పంపకపోతే ఆ సంగతి ఎలా తెలుస్తుంది?
– ఈసీఈ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మన ఊరి పేర్లతోనే లెక్క వేద్దాం. అలిపిరి, తిరుచానూరు, రేణిగుంటల్లో ముగ్గురు ఉన్నారు. ఒక్కొక్కరికి నాలుగు చిప్‌ల కోడ్ ఇచ్చాం. కోడ్‌లోని ఒక్కో +1 లేదా -1నే చిప్ అంటారు. బిట్ 1 పంపాలంటే కోడ్‌ను ఉన్నదున్నట్టు పంపుతారు. బిట్ 0 అయితే ప్రతి చిప్ గుర్తునూ తిప్పి పంపుతారు. పంపేదేమీ లేకపోతే ఊరుకుంటారు.

```
అలిపిరి      +1 -1 +1 -1
తిరుచానూరు   +1 +1 -1 -1
రేణిగుంట     +1 -1 -1 +1
```

ఏ రెండు వరుసలనైనా ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. రెండు చోట్ల గుర్తులు కలుస్తాయి, రెండు చోట్ల ఎదురవుతాయి. అందుకే చిప్‌కు చిప్ గుణించి కూడితే సున్నా వస్తుంది. ఆర్థోగోనల్ అంటే ఇంతే. అదే కోడ్‌ను దానితోనే గుణించి కూడితే మాత్రం 4 వస్తుంది.

ఇప్పుడు అలిపిరి 1 పంపింది, తిరుచానూరు 0 పంపింది, రేణిగుంట ఊరుకుంది అనుకోండి. గాలిలో చిప్‌లు ఇలా కూడుకుంటాయి:

```
అలిపిరి (1)      +1 -1 +1 -1
తిరుచానూరు (0)   -1 -1 +1 +1
మొత్తం            0 -2 +2  0
```

రిసీవర్‌కు అందేది చివరి వరుస ఒక్కటే. అలిపిరి బిట్ కావాలంటే ఆ వరుసను అలిపిరి కోడ్‌తో గుణించి కూడుతుంది: 0 + 2 + 2 + 0 = 4. నాలుగుతో భాగిస్తే +1, అంటే బిట్ 1. తిరుచానూరు కోడ్‌తో చేస్తే 0 - 2 - 2 + 0 = -4, భాగిస్తే -1, అంటే బిట్ 0. రేణిగుంట కోడ్‌తో చేస్తే 0 + 2 - 2 + 0 = 0. మీరు అడిగిన మౌనం ఈ సున్నాయే. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, సున్నా, మూడూ వేర్వేరు జవాబులు కాబట్టి పంపనివాడిని 0 పంపినవాడిగా పొరబడే అవకాశం లేదు.

ఎందుకు పనిచేస్తుందంటే, గుణించి కూడే ఈ పని కూడికను విడదీసి చేసినా, కలిపి చేసినా ఫలితం ఒకటే. మొత్తం వరుసలో అలిపిరి భాగం ఒకటి, తిరుచానూరు భాగం ఒకటి ఉన్నాయి. అలిపిరి కోడ్ తగలగానే మొదటి భాగం 4 ఇస్తుంది, రెండోది సున్నా అయిపోతుంది. రిసీవర్ సిగ్నళ్లను విడదీయడం లేదు, తనకు అక్కర్లేనివాటిని సున్నా చేస్తోంది. అందుకే పక్కవాడు ఎంత గట్టిగా పంపినా ఈ లెక్కలో తేడా రాదు. తిరుచానూరు పది రెట్ల బలంతో పంపితే మొత్తం -9 -11 +11 +9 అవుతుంది. అలిపిరి కోడ్‌తో కూడి చూడండి: -9 + 11 + 11 - 9, మళ్లీ 4 వస్తుంది.

క్లాసులో లెక్క సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు తెలుసుకోవాల్సింది ఇక్కడి నుంచే. ఆ సున్నా అందరి చిప్‌లూ ఒకే క్షణంలో మొదలైతేనే వస్తుంది. తిరుచానూరు సిగ్నల్ ఒక్క చిప్ ఆలస్యమైందనుకోండి, దాని ముందు బిట్ కూడా 0 అనుకోండి. అప్పుడు ముందు బిట్ చివరి చిప్ ఈ బిట్ మొదట్లోకి జారి, రిసీవర్‌కు +1 -1 -1 +1 అందుతుంది. పైన చూడండి, అది అచ్చంగా రేణిగుంట కోడ్! మొత్తం +2 -2 0 0 అవుతుంది. తిరుచానూరు కోడ్‌తో చేస్తే సున్నా, రేణిగుంట కోడ్‌తో చేస్తే 4 వస్తుంది. మాట్లాడినవాడు మౌనంగా ఉన్నట్టు, మౌనంగా ఉన్నవాడు 1 పంపినట్టు తేలుతుంది. ఎక్కడా ఎర్రర్ కనిపించదు, జవాబు మాత్రం శుభ్రంగా తప్పు. మీరే రన్ చేసి చూడొచ్చు:

```
c = [1, -1, -1, 1]
for s in ([0, -2, 2, 0], [2, -2, 0, 0]):
    print(sum(a*b for a, b in zip(s, c)) / 4)
```

మొదట 0.0, తర్వాత 1.0 వస్తాయి.

ఒక చిప్ అంటే ఎంత ఆలస్యం? రిలయన్స్, టాటా ఇండికాం ఒకప్పుడు ఇక్కడ నడిపిన సీడీఎంఏ ఫోన్ల కుటుంబాన్నే తీసుకోండి. దాని తొలి ప్రమాణం ఐఎస్-95. సెకనుకు 12,28,800 చిప్‌లు. అంటే ఒక చిప్‌కు సుమారు 0.81 మైక్రోసెకను. అంతలో రేడియో తరంగం దాదాపు 244 మీటర్లు పోతుంది. టవర్ నుంచి ఫోన్లకు వచ్చే దారిలో ఇబ్బంది తక్కువ. అన్ని కోడ్‌లనూ టవరే ఒకేసారి పంపుతుంది కాబట్టి అవి కలిసే బయల్దేరి కలిసే చేరతాయి. ఆ దిశలో ఐఎస్-95 మన పట్టికలాంటివే 64 చిప్‌ల వాల్ష్ కోడ్‌లు వాడింది. అయినా శేషాచలం కొండలకు తగిలి వచ్చే ప్రతిబింబం 244 మీటర్లు ఎక్కువ తిరిగొస్తే చాలు, ఆ నకలు ఒక చిప్ వెనకబడుతుంది. అందుకే వాల్ష్ కోడ్ మీద టవర్ 32,768 చిప్‌ల పొడవున్న ఇంకో కోడ్‌ను కప్పుతుంది. యాదృచ్ఛికంగా కనిపించే ఆ కోడ్ వల్ల ఆలస్యంగా వచ్చిన నకలు వేరేవాడి బిట్‌లా కాకుండా కొంచెం రొదలా మిగులుతుంది.

ఫోన్ల నుంచి టవర్‌కు వెళ్లే దారిలో మాత్రం వాల్ష్ కోడ్‌లతో మనుషులను వేరు చేయాలని ఐఎస్-95 చూడలేదు. ఫోన్ తన గడియారాన్ని టవర్ సిగ్నల్‌ను బట్టే సరిచేసుకుంటుంది, కాబట్టి ఆలస్యం పోనూ రానూ పడుతుంది. అలిపిరి ఫోన్ కంటే రేణిగుంట ఫోన్ టవర్‌కు 2 కిలోమీటర్లు దూరంగా ఉంటే, దాని చిప్‌లు సుమారు 16 చిప్‌లు వెనకగా చేరతాయి. అందుకని ఆ దిశలో ఒక్కో ఫోన్‌ను గుర్తించడానికి యాదృచ్ఛికంగా కనిపించే చాలా పొడవైన కోడ్‌ను వాడారు. అలాంటి కోడ్‌లు ఎంత జారినా ఒకదానితో ఒకటి పెద్దగా కలవవు. కానీ కచ్చితమైన సున్నా కూడా రాదు, ప్రతి పొరుగువాడి నుంచీ కొంత శేషం మిగులుతుంది.

ఆ శేషం పొరుగువాడి బలాన్ని బట్టి పెరుగుతుంది. మన చిన్న లెక్కలోనే పది రెట్ల బలమున్న తిరుచానూరు ఒక చిప్ ఆలస్యమై, దాని ముందు బిట్ 1 అయితే, మొత్తం -9 -11 -9 +9 వస్తుంది. అలిపిరి కోడ్‌తో కూడితే -9 + 11 - 9 - 9 = -16. అలిపిరి పంపిన 1 కాస్తా 0గా మారిపోయింది. టవర్ పక్కనున్న ఫోన్ దూరంగా ఉన్న ఫోన్‌ను ముంచేయడమంటే ఇదే. అందుకే ఐఎస్-95లో టవర్ ప్రతి ఫోన్‌కూ సెకనుకు 800 సార్లు పవర్ పెంచమనో తగ్గించమనో ఒక్కో బిట్ పంపుతూనే ఉంటుంది. అన్ని ఫోన్లూ టవర్ దగ్గర ఇంచుమించు ఒకే బలంతో వినిపించేలా ఆ సవరణ సాగుతూనే ఉంటుంది.