సగటు పక్కన పెట్టి, ఫీల్డువారీగా లెక్క తీయండి

ప్రశ్న: "బిల్లుల నుంచి సాఫ్ట్‌వేర్ తీసిన డేటాని మనుషులు ఎంటర్ చేసిన డేటాతో పోల్చి చూస్తున్నాం. మొత్తమ్మీద 98% వస్తోంది. అన్ని ఫీల్డులకీ ఇదే కొలత చాలా, డబ్బు ఫీల్డులకి వేరేగా ఏమన్నా పెట్టాలా?"

వేరేగానే పెట్టాలి. 500 బిల్లులు తీసుకుందాం. అమ్మినవారి పేరు 480 బిల్లుల్లో సరిపోయింది, అంటే 96%. టోటల్ 495 బిల్లుల్లో సరిపోయింది, అంటే 99%. అంకెలు చూస్తే పేరు ఫీల్డే వెనకబడినట్టుంటుంది. కానీ తప్పిన ఆ 20 పేర్లూ తెరిస్తే, ఓ చుక్క పోయిందో, చివర "లిమిటెడ్" రాలేదో అయుంటుంది. ఎవరి బిల్లో తెలుస్తూనే ఉంటుంది. టోటల్‌లో తప్పిన ఐదింటిలో మూడు ఖాళీగా వచ్చాయనుకోండి, వాటిని ఎలాగూ మనిషి చూస్తాడు. నాలుగో బిల్లులో 1,960.00 రావాల్సిన చోట, పాత బాకీ 350 కలిపిన 2,310.00 వచ్చింది. ఐదో బిల్లులో దశాంశ బిందువు పోయి, 7,480.50 కాస్తా 7,48,050 అయింది. ఆ ఒక్క బిల్లులోనే తేడా 7,40,569.50.

పేర్లకి అక్షరాల పోలిక శాతం పెట్టినా నష్టం లేదు. అదే కొలతని డబ్బుకి వాడితే `7480.50`, `748050` రెండింటి మధ్యా తేడా ఒక్క అక్షరమే, ఏడింట ఆరు కలిశాయి కాబట్టి 86% మార్కులు పడతాయి. సొమ్ము మాత్రం వంద రెట్లయింది. అందుకే డబ్బుకి సగం మార్కులుండకూడదు: కామాలు తీసేసి, పైసల లెక్కలోకి మార్చి పూర్ణాంకాలుగా పోల్చండి, సమానమైతే ఒకటి, కాకపోతే సున్నా. శాతంతో పాటు తేడాల మొత్తం కూడా రిపోర్టులో చూపించండి. అయితే తేడాల ప్లస్, మైనస్ గుర్తులు తీసేశాకే కూడాలి. లేకపోతే ఒక బిల్లులో ఎక్కువ, ఇంకో బిల్లులో తక్కువ వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

తర్వాత అందరూ పెట్టే తనిఖీ ఇది:

```
net + tax == total
```

నాలుగో బిల్లు దీనికి దొరుకుతుంది: 1,800 + 160 = 1,960, అది 2,310 కాదు. ఐదో బిల్లు దొరుకుతుందన్న నమ్మకం మాత్రం లేదు. స్కాన్ మసకగా ఉంటే చుక్కలన్నీ ఒకేసారి పోతాయి. 6,800.45, 680.05, 7,480.50 మూడూ 680045, 68005, 748050 అయిపోతాయి, కూడితే ఖచ్చితంగా సరిపోతాయి! మూడూ ఒకే రకంగా చెడితే కూడిక పట్టుకోలేదు. దానికి వేరే తనిఖీ కావాలి: సంఖ్యగా మార్చకముందే, చదివిన పాఠంలో చివర బిందువు, దాని తర్వాత రెండంకెలు ఉన్నాయా అని చూసి, లేకపోతే ఆ బిల్లుని ఆపేయాలి. నిజంగానే పైసల్లేకుండా అచ్చయిన బిల్లులు కూడా ఆగుతాయి, ఆగనివ్వండి.

ఇక మనుషులు ఎంటర్ చేసిన డేటా సంగతి. చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ తీసిన విలువల్నే తెర మీద నింపి "తప్పులుంటే దిద్దండి" అంటారు. అది పోలిక కిందే రాదు, కళ్ళు ఉన్నదాన్నే ఒప్పుకుంటూ పోతాయి. బిల్లు బొమ్మ ఒక్కటే చూపించి, ఇద్దరి చేత విడివిడిగా టైపు కొట్టించాలి. ఇద్దరికీ తేడా వస్తే మూడో మనిషి తేల్చాలి. డబ్బు ఫీల్డుల వరకైనా ఈ ఖర్చు పెట్టాల్సిందే. సాఫ్ట్‌వేర్‌కీ మనిషికీ తేడా వచ్చినప్పుడు ఆ తేడాని 9తో భాగించి చూడండి. 5,427 బదులు 5,247 ఉంటే తేడా 180, 9తో పోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఎప్పుడూ ఇలాగే వస్తుంది, అది ఎక్కువగా వేళ్ళు చేసే తప్పు. సాఫ్ట్‌వేర్ 3ని 8గా చదువుతుంది గాని, అంకెల వరస మార్చడం అరుదు. ఇలాంటి తేడా కనబడితే మెషిన్ ఖాతాలో తప్పు వేసేముందు బొమ్మ మళ్ళీ తెరవండి.

లెక్క తీసేటప్పుడు "తప్పు విలువ"నీ "ఖాళీ"నీ ఒకే గంపలో వేయొద్దు. డబ్బు ఫీల్డుకి అసలు చూడాల్సిన సంఖ్య, మనిషి కంట పడకుండా దాటిపోయిన వాటిలో తప్పులెన్ని అన్నదే. పై ఉదాహరణలో ఏ తనిఖీ లేకపోతే దాటినవి 497, వాటిలో తప్పులు రెండు. రెండు వైపులా ఖాళీగా ఉన్నవాటిని కూడా సరైనవాటిలో కలపకండి. డిస్కౌంట్ ఫీల్డు పదింట తొమ్మిది బిల్లుల్లో ఉండదు, ఏమీ చదవని సాఫ్ట్‌వేర్‌కి కూడా 90% వచ్చేస్తుంది.

శాంపిల్ సంగతి కూడా చూసుకోండి. 300 బిల్లుల్లో ఒక్క తప్పూ దొరకలేదంటే తప్పుల రేటు సున్నా అని కాదు, 95% నమ్మకంతో చెప్పగలిగేది 1% లోపు అని మాత్రమే. పేరు ఫీల్డుకి అది సరిపోతుంది. టోటల్ ఫీల్డుకి వెయ్యికి ఒకటి లోపు అని చెప్పాలంటే ఒక్క తప్పూ లేకుండా దాదాపు 3,000 బిల్లులు దాటాలి.