అమెరికా విడాకుల తీర్పు హనుమకొండలో చెల్లుతుందా?

తమ్ముడూ, న్యూజెర్సీలోనే ఉంటున్న మీరిద్దరూ అక్కడి కోర్టులోనే విడాకులు తీసుకుంటే మన వరంగల్‌లో చెల్లుతుందా అని అడిగారు. మీ భార్య సమ్మతి ఆ తీర్పులో కనబడితే చెల్లుతుంది. నేను ఆ ఒక్క మాట పట్టించుకోక మూడింతలు ఖర్చు పెట్టుకున్నాను.

2011లో నా భార్య పరకాలలోని పుట్టింటికి వెళ్లిపోయిన తరువాత, 'సర్దుబాటు కాని విభేదాలు' అనే కారణంతో నేను అమెరికా కోర్టులో పిటిషన్ వేశాను. నోటీసు అందినా ఆమె రాలేదు, జవాబూ ఇవ్వలేదు. కోర్టు ఏకపక్షంగా విడాకులిచ్చింది. 2013లో ఇంట్లో రెండో సంబంధం చూస్తున్నప్పుడు హనుమకొండ వకీలు ఆ కాగితం చదివి, ఇక్కడి చట్టం దృష్టిలో ఆమె ఇంకా మీ భార్యే, ఇప్పుడు పెళ్లి చేసుకుంటే నేరమవుతుంది అన్నారు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో, భర్త అమెరికాలో తెచ్చుకున్న తీర్పును సుప్రీంకోర్టు 1991లోనే ఒప్పుకోలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, అవతలివారు పాల్గొనకుండా వచ్చిన తీర్పు ఇండియాలో నిలవదు. ఆమె ఇష్టపూర్వకంగా సమ్మతిస్తే మాత్రం మినహాయింపు ఉందని అదే తీర్పు చెప్పింది. చివరికి మేమిద్దరం హనుమకొండలో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్ వేశాం. అప్పట్లో ఆరు నెలల గడువు తప్పనిసరి అనేవారు కనుక రెండుసార్లు విమానం ఎక్కాను. అయినా పని పూర్తి చేసుకునే తిరిగి వచ్చాను.

మీరు కొత్తగా వచ్చినవారు కనుక తెలియకపోవచ్చు: నోటీసు అందుకున్నట్లు చేసిన సంతకం సమ్మతి కాదు. మీ భార్య తన వకీలు ద్వారా జవాబు దాఖలు చేసి, విడాకులకు ఒప్పుకుంటున్నానని కోర్టు ముందు చెప్పాలి; ఆ మాట తీర్పులో రాయించండి. తరువాత కోర్టు ధ్రువీకరించిన నకలు తీసుకుని, దానిపై న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వ అపొస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ, వేయించండి. ఫొటోకాపీని నమ్ముకోవద్దు. రేపు ఎవరైనా వివాదం లేవదీస్తే, ఇండియాలోని ఫ్యామిలీ కోర్టులో విడాకులు చెల్లుతాయని ప్రకటన కోరుతూ దావా వేయవచ్చు. నియమాలు అక్కడి వకీలు చూసుకుంటారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ వేధించేది డబ్బు. అమెరికా తీర్పును మన కోర్టులో నేరుగా అమలు చేయించలేరు, ఎందుకంటే ఆ దేశం మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద గుర్తించిన దేశాల్లో లేదు. ఇవ్వాల్సిన సొమ్ము ఆగిపోతే, ఆ తీర్పు ఆధారంగా మూడేళ్లలోపు ఇండియాలో కొత్తగా దావా వేయాల్సిందే. అందుకే ఒప్పుకున్న మొత్తం తీర్పు వచ్చే రోజుకే చేతులు మారేలా రాసుకోండి. కాజీపేటలో ఉమ్మడి ప్లాటు ఉందన్నారు కదా, అది ఎవరికి పోవాలో వారి పేరిట అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రిజిస్టర్ చేయించండి. వెళ్లలేకపోతే, ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసి మీ నాన్నగారికి పంపండి.