చేయాల్సిన పనుల జాబితా చూస్తేనే అపరాధ భావన.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 43. కళాశాలలో పాఠాలు చెబుతాను. చేయాల్సిన పనులన్నీ ఫోన్‌లో రాసుకుంటాను. ఆ జాబితా 140 దాటింది, కొన్ని నాలుగేళ్ల కిందటివి. రాత్రి పడుకోగానే అవే గుర్తొచ్చి ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది. ఇది మానసిక సమస్యా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు రాసినంత వరకు ఇది జబ్బులా కనిపించడం లేదు. ఈ వారం తప్పక చేయాల్సిన పనీ, ఎప్పుడో వీలైతే చేద్దామనుకున్న కోరికా ఒకే జాబితాలో పక్కపక్కన ఉన్నప్పుడు, దాన్ని తెరిచిన ప్రతిసారీ మనసు రెండింటినీ బాకీలుగానే లెక్కవేస్తుంది. పూర్తికాని పని మనసును తొలుస్తున్నప్పుడు, దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకుంటే, పని ఇంకా మొదలుకాకపోయినా ఆ తొలుపు తగ్గుతుందని 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన చూపింది. అంటే మనసు అడుగుతున్నది చాలావరకు ఒక నిర్ణయాన్ని. ‘ఇప్పుడు కాదు, మళ్లీ ఫలానా రోజున చూస్తాను’ అనుకోవడం కూడా నిర్ణయమేనని నా అనుభవం చెబుతోంది.

అందుకే ‘ఎప్పుడైనా’ అనే పేరుతో వేరే పుస్తకమో, ఫోన్‌లో వేరే పేజీయో పెట్టుకోండి. అందులోకి వెళ్లే పనికి గడువు గానీ, గుర్తుచేసే అలారం గానీ ఉండకూడదు; దాన్ని రాసుకున్న నెల, సంవత్సరం మాత్రం పక్కన వేయండి. రోజూ తెరిచే జాబితాలో ఈ వారం నిజంగా చేయగలిగిన ఆరేడు పనులే మిగలాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలి జాబితాలో 112 పనులు ఉండేవి. ఇద్దరం కూర్చుని చూస్తే, వాటిలో 20కి పైగా అప్పటికే అయిపోయినవో, కాలం దాటిపోయినవో. ‘వీణ నేర్చుకోవాలి’ అన్నది తొమ్మిదేళ్ల కిందటిది. ఈ రోజు కొత్తగా జాబితా రాస్తే ఇది మళ్లీ రాస్తారా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, అది తన కోరిక కాదనీ, పక్కింటివాళ్ల అమ్మాయి కచేరీ చూసి రాసుకున్నదనీ చెప్పి, కొట్టేశారు. ‘అమ్మ ఫొటోలన్నీ స్కాన్ చేయించాలి’ అన్నదాన్ని మాత్రం వదులుకోలేకపోయారు. అది ఏళ్ల తరబడి కదలకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ వాక్యంలో లేకపోవడమే. దాన్ని ‘అటక మీది పెట్టె కిందికి దించాలి’ అని మార్చి ఆ వారం పనుల్లో వేశాం. పెట్టె ఆదివారం కిందికి దిగింది.

కోత ఒక్కసారితో సరిపోదు. నెలకోసారి, ఉదాహరణకు రెండో ఆదివారం ఉదయం, 20 నిమిషాలు కేటాయించండి. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ప్రతి పనినీ పైనుంచి కిందికి చదువుతూ, ఆ వీణకు వేసిన ప్రశ్నే వేయండి. వరుసగా మూడు నెలలు చూసినా ముట్టుకోవాలనిపించని దాన్ని కొట్టేయండి. కొట్టేయడానికి భయమేస్తే ‘తీసేసినవి’ అనే పేజీలోకి మార్చండి. నేను చూసినవాళ్లలో అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకున్నవాళ్లు బహు కొద్దిమంది. ఇంకొకరికి మాట ఇచ్చిన పని అయితే మౌనంగా కొట్టేయడం కుదరదు. ‘ఇది నా వల్ల కావడం లేదు’ అని వాళ్లకు ఫోన్ చేసి చెప్పాకే దాన్ని తీసేయాలి, లేకపోతే అపరాధ భావన కాగితం మీద పోయినా మనసులో ఉండిపోతుంది.

ఈ పద్ధతి చెడిపోయేది ఒక్కచోట. భయపడి తప్పించుకుంటున్న పని కూడా మెల్లగా ‘ఎప్పుడైనా’లోకి జారిపోతుంది. ఆలస్యమైతే నష్టం పెరిగేది ఏదీ అందులో ఉండకూడదు. వైద్యుడిగా నేను ముఖ్యంగా వెతికేవి ఇవే: బీపీ, షుగర్ పరీక్షలు, రొమ్ములో తగిలిన గడ్డ చూపించుకోవడం, ఆపేసిన మాత్రల సంగతి. వీటికి ఈ రోజే తేదీ వేయండి.

నిద్ర విషయానికొస్తే, పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులను వివరంగా కాగితం మీద రాసినవాళ్లు, పూర్తయిన పనులను రాసినవాళ్లకంటే సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారని 2018లో 57 మందిపై జరిగిన చిన్న అధ్యయనంలో తేలింది. రేపటివి మాత్రమే రాయండి, ‘ఎప్పుడైనా’ పేజీ ఆ సమయంలో తెరవద్దు.

జాబితా తగ్గాక కూడా రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నా, ఇష్టమైన వాటిపై ఆసక్తి పోయినా, ప్రతి దానికీ మీరే దోషి అనిపిస్తున్నా అది డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుడిని కలవండి. చిన్నప్పటి నుంచీ ఏ పనీ పూర్తి చేయలేకపోవడం, వస్తువులు పోగొట్టుకోవడం, ఏకాగ్రత నిలవకపోవడం ఉంటే ఆ విషయమూ చెప్పండి, ఏడీహెచ్‌డీ కోణంలో పరీక్షిస్తారు. బతకడం అనవసరమన్న ఆలోచన వస్తే ఆగకుండా ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు.