ఇంటర్వ్యూ మధ్యలో ‘ఆఁ... అంటే...’ తీసేస్తే తల ఎగిరినట్టు కనిపిస్తోంది

“వీడియో ఎడిటింగ్ దావిన్చీ రిజాల్వ్‌లో చేస్తున్నాను. ఒకే కెమెరా. నాలుగు సెకన్ల తడబాటు తీసేస్తే జంప్ తెలిసిపోతోంది. కట్‌ను కప్పడానికి కట్‌అవే షాట్లు లేవు.”

ముందు కట్ చోటు మార్చి చూడండి. మాట అయిపోయిన చోటే కోయనక్కర్లేదు. తడబాటుకు ముందు, తర్వాత ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ తల వంపు, కళ్ల చూపు, మూసిన పెదవులు దాదాపు ఒకేలా ఉన్న రెండు ఫ్రేములు వెతకండి. అసలు పని ఇదే. మధ్య ముక్కను Ripple Delete చేసి, ఆ కట్ మీద Smooth Cut ట్రాన్సిషన్ వేయండి. నిడివి 4 నుంచి 6 ఫ్రేములు చాలు. పెంచితే ముఖం కరిగినట్టు కనిపిస్తుంది. చెయ్యి ముఖానికి అడ్డొచ్చినా, వెనక మనుషులు కదులుతున్నా ఇది పనిచేయదు. అప్పుడు రెండో ముక్కను 115 శాతానికి జూమ్ చేసి, కళ్లు అదే ఎత్తులో ఉండేలా సర్దండి. కట్ కనిపిస్తుంది కానీ వేరే షాట్‌లా అనిపిస్తుంది.

ఆడియో కట్ వీడియో కట్ మీదే పడాలని లేదు. ‘అంటే’ తర్వాతి మాటకు ముందున్న ఊపిరిని ఉంచండి, అదీ కోసేస్తే మనిషి ఊపిరి బిగబట్టి మాట్లాడినట్టు ఉంటుంది. అతుకు దగ్గర రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ ఇవ్వండి. ఇంకా వెలితిగా ఉంటే, అదే క్లిప్‌లో ఎవరూ మాట్లాడని చోటు నుంచి గది శబ్దం తీసి కింద ట్రాక్‌లో పరవండి. చివరగా కళ్లు మూసుకుని ఒకసారి వినండి, ఆ తర్వాత సౌండ్ ఆపి చూడండి. లోపం ఎటువైపుందో వెంటనే తెలుస్తుంది.