చెనక్కాయ కథ చెప్పబోయే మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన పద్దెనిమిది స్లైడ్లూ నింపాదిగా చూసినాను. ఎనిమిదో తరగతికి అవి సరిపోతాయి. వాటినే రెండో తరగతి పిల్లలకు పది నిమిషాల కథగా మార్చి చెప్పాలంటే ఎట్లా అని అడిగినావు కదా, అందుకే ఈ జాబు.

మొదటి స్లైడు నుంచి మాత్రం మొదలుపెట్టొద్దు పాపా. అక్కడ ‘గురుత్వానువర్తనం’ అని పెద్ద అక్షరాలతో ఉంది, అంటే భూమి లాగే దిక్కును బట్టి మొక్క భాగాలు కిందికో పైకో పెరగడం; దాని కింద నిర్వచనం. మన పిల్లలు ఆ మాట వినే ముందే చెనక్కాయ చెట్టును చూసి ఉంటారు. కుప్ప దగ్గర అవ్వ పక్కన కూచుని కాయలు పీకి ఉంటారు. నువ్వు అక్కడి నుంచి మొదలుపెట్టు. పువ్వేమో పైన పూస్తుంది, కాయేమో మట్టిలో దొరుకుతుంది, మరి కాయ కిందికి ఎట్లా పోయింది? నీ కథంతా ఈ ఒక్క ప్రశ్నే. దీనికి జవాబు చెప్పే స్లైడ్లు నాలుగే ఉన్నాయి: పువ్వు, పువ్వు వాడినాక పుట్టే సన్నని మొన అంటే ఊడ, ఆ ఊడ మట్టిలో దిగడం, కాయ ఊరడం. మిగతా పద్నాలుగూ పక్కన పెట్టు. వేరు కిందికీ కాండం పైకీ పెరిగే బొమ్మ బాగుంది గానీ, అది ఇంకో రోజు కథ.

నీ ఏడో స్లైడులో ఒక తప్పుంది, దాన్ని ఈ రోజే తీసెయ్యి. ఆ బొమ్మలో కాయలు వేళ్లకు వేలాడుతున్నాయి. చెనక్కాయ వేరుకు కాయదు. చెట్టు పీకి చూస్తే వేళ్ల మీద ఆవగింజంత బుడిపెలు ఉంటాయి, అవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇచ్చే బాక్టీరియా ఇళ్లు. కాయలు వేలాడేది ఊడలకు. ఊడ పుట్టేది కొమ్మ మీద, ఆకు మొదట్లో. బొమ్మ కంటే నిజమైన చెట్టు మేలు. వేళ్లు తెగకుండా తవ్వి, మట్టి కడిగి, బల్ల మీద పెట్టు.

రెండో తప్పు నేను చేసినదే. చానా ఏళ్లు ‘పువ్వు తల వంచుకుని నేలలోకి దూరింది’ అని కథ చెప్పినాను. ఒక రైతు బిడ్డ మర్నాడు ఒక రెమ్మ పట్టుకొచ్చి, ‘సార్, పువ్వు పైన్నే వాడిపోయింది, లోపలికి పోలేదు’ అని చూపించినాడు. వాడు చెప్పిందే నిజం. పసుపు పువ్వు పొద్దున్నే విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది. పువ్వు కింద పొడుగ్గా కనబడేది కాడ కాదు, పువ్వుదే సన్నని గొట్టం. గింజ కాబోయే భాగం ఆ గొట్టం అడుగున, ఆకు మొదట్లో దాక్కుని ఉంటుంది. పువ్వు వాడినాక అక్కడి నుంచే సన్నగా ఒక మొన పుడుతుంది. అదే ఊడ. గింజ కాబోయేది ఆ ఊడ కొనలో కూచుని కిందికి ప్రయాణం చేస్తుంది. చక్కని కథ ఇక్కడే ఉంది, పువ్వును వంచాల్సిన పనే లేదు.

నేను చెప్పే తీరు ఇది. నీ మాటల్లోకి మార్చుకో.

‘ఒక పాప అవ్వతో చేనికి పోయింది. తెల్లవారింది. చెట్టు నిండా పసుపు పువ్వులు. పాప ఒక పువ్వు దగ్గర కొమ్మకు ఎర్రదారం కట్టింది. సాయంత్రానికి పువ్వు వాడిపోయింది. “అవ్వా, పువ్వు పోయింది!” అనింది పాప. “చూస్తా ఉండు” అనింది అవ్వ. వారం గడిచింది. దారం దగ్గర సూది లాంటి మొన ఒకటి వచ్చింది. అది పైకి పోలేదు, పక్కకు పోలేదు, కిందికి వంగింది. “అవ్వా, ఇదెక్కడికి పోతోంది?” “చూస్తా ఉండు.” ఇంకొన్ని రోజులకు మొన మట్టిని తాకింది. వాన పడి మట్టి మెత్తగా ఉంది. మొన లోపలికి దిగింది. లోపల చీకటి. చీకట్లో మొన కొస ఉబ్బింది, పక్కకు తిరిగి పడుకుంది. చుట్టూ ఉన్న మట్టి నుంచే తాగింది. రెండు నెలలు పోయినాక అవ్వ చెట్టు పీకింది. ఎర్రదారం కట్టిన కొమ్మకు ఒక కాయ. పాప దాన్ని చిట్లగొట్టింది. లోపల రెండు గింజలు.’

ఇంతే కథ. ఇందులో చెట్టు మాట్లాడదు, అది గమనించు. ‘నాకు భయమేస్తోంది, నేను మట్టిలో దాక్కుంటాను’ అని ఊడతో అనిపిస్తే, చెట్టు భయపడి కిందికి పోతుందనే పిల్లలకు గుర్తుండిపోతుంది. మాట్లాడేది పాప, అవ్వ మాత్రమే. ‘చూస్తా ఉండు’ అన్న మాట నువ్వు మొదటిసారి అను, తర్వాతివి పిల్లలే అంటారు.

‘మట్టి నుంచే తాగింది’ అన్న మాట కథ కోసం అల్లింది కాదు. కాయకు కావలసిన సున్నం, అంటే కాల్షియం, వేళ్ల నుంచి ఆకులకు పోయినంతగా కాయకు రాదు, కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి తీసుకుంటుంది. అందుకే ఊడలు దిగే వేళకు మనవాళ్లు చెట్ల మొదళ్లలో ఆ సున్నం ఉండే జిప్సం చల్లుతారు. సున్నం చాలకపోతే పైకి కాయ బాగానే కనబడినా లోపల గింజ నిండదు. ఊడలు దిగినాక గుంటక తోలకపోవడానికి కారణం కూడా పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది: దిగిన ఊడలు తెగిపోతాయి. ఇంట్లో నాయనను అడిగి రమ్మని చెప్పు, జవాబులు తెచ్చుకుంటారు.

కథ చెప్పే రోజును స్లైడ్ల ప్రకారం కాకుండా చేను ప్రకారం పెట్టుకో. విత్తిన నెలకు అటూ ఇటుగా పూత మొదలవుతుంది. జూన్ చివర్లో విత్తితే ఆగస్టు మొదట్లో బడి పక్క చేనుకు తీసుకుపో. పూసినవన్నీ ఊడలు కావు, కాబట్టి ఒక్క పువ్వుకు కాకుండా పదింటి దగ్గర దారాలు కట్టించు. దారం పువ్వుకు బిగించొద్దు, పక్క కొమ్మకు వదులుగా కట్టాలి. నేలకు దగ్గరగా ఉన్న పువ్వులే ఎంచుకో. జానెడు పైన పూసిన వాటి ఊడలు నేల దాకా రాకుండానే ఎండిపోతాయి.

ఒక కొమ్మ కింద మాత్రం పగిలిన పెంకు ఒకటి పెట్టించు. ఊడలు దాని మీదికి వచ్చి ఆగిపోతాయి, కాయ కావు. పక్క కొమ్మ ఊడలు మట్టిలో దిగి కాయలవుతాయి. మట్టి, చీకటి ఎందుకు కావాలో నువ్వు చెప్పకుండానే పిల్లలు చూస్తారు. వానలు లేక నేల గట్టిపడితే మట్టి మీద కూడా ఊడలు దిగలేవు, కాబట్టి ఎండ వారాల్లో ఆ చెట్లకు ఒక చెంబు నీళ్లు పోయించు. లేకపోతే పెంకుకూ మట్టికీ తేడా కనబడదు.

పిల్లలకు కథ అందిందో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నలు అడగొద్దు, చెట్టు బొమ్మ గీయమను. కాయ నుంచి గీత పైకి కొమ్మకు చేరితే అందినట్టు. వేరుకు చేరితే, మందలించకుండా ఆ పిల్లను బల్ల మీద కడిగి పెట్టిన చెట్టు దగ్గరికి తీసుకుపోయి, ఒక కాయ పట్టుకుని ఊడ వెంబడి వేలు పైకి జరపమను. వేలు ఆకు మొదట్లో ఆగుతుంది.

ఏడో స్లైడు మార్చినాక నాకు మళ్లీ పంపు. పూత ఎప్పుడొచ్చిందో కూడా రాయి, ఆ వారం నేనూ వస్తాను.

ఇట్లు
మీ మామ