వెనక రేకు మీద మాట

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఆటో వెనక నాలుగు వరుసలు రాశావు. అక్షరాల పొందిక బాగుంది, చేయి తిరిగింది. కానీ అంత ఎవరు చదువుతారురా? వెనక బండివాడి కన్ను అక్కడ రెండు మూడు క్షణాలే ఉంటుంది. ఆలోపు చదివి నవ్వుకోవాలి.

'నన్ను చూసి ఏడవకురా' అన్నది ఎన్ని బళ్ల మీద చూశావో. అది అసలు దిష్టి కోసం రాసే మాట. లారీకి కట్టే పాత చెప్పు, నిమ్మకాయా మిరపకాయలూ చేసే పనే అదీ చేస్తుంది. చెప్పు నోరు విప్పదు, ఇది మాత్రం వెనకవాణ్ణి పట్టుకుని 'రా' అంటుంది. ముక్కూ మొహం తెలియనివాడు అంత చనువుగా కసిరితే కోపం రాదు, నవ్వొస్తుంది. ఆ 'రా' తీసి 'దయచేసి అసూయ పడవద్దు' అని రాస్తే ఆఫీసు నోటీసు అయిపోతుంది.

ఒకసారి ఒక ఆటో అబ్బాయి వచ్చాడు. 'ఫైనాన్సులో కొన్నాను, నెలనెలా వాయిదా కట్టలేక చస్తున్నాను, నన్ను చూసి కుళ్లుకోవద్దు' అని రాయమన్నాడు. మాటలో నిజం ఉంది, బరువే ఎక్కువ. ఇంకా ఎన్ని వాయిదాలున్నాయని అడిగితే ఇరవై రెండన్నాడు. ఇలా కుదించాను:

చూసి ఏడవకురా
ఇంకా 22 వాయిదాలు

పై వరుస ఎదుటివాణ్ణి కసిరింది, కింది వరుస తన కష్టమే బయటపెట్టింది. నవ్వు ఆ మలుపులో ఉంది. అందుకే రెండూ ఒకే వరుసలో రాయకూడదు, కన్ను కిందికి దిగేటప్పటి ఆ చిన్న ఆగడం కావాలి. 'చాలా వాయిదాలు' అంటే ఎవరికీ గుర్తుండదు, 22 అంటే ఉంటుంది. ఇంకొకటి గమనించు, రెండు వరుసల్లోనూ ఒక్క ఒత్తు లేదు. ఒత్తుకి కింద చోటు వదలాలి కదా, ఆ మేరకు అక్షరం చిన్నదైపోతుంది. రేకు చిన్నదైతే ఒత్తుల్లేని మాట వెతుక్కో. ఎర్ర రేకు మీద పసుపు అక్షరం, చుట్టూ సన్నగా నల్లగీత పెడితే దూరానికి తేటగా కనిపిస్తుంది.

నెల తిరక్కుండానే ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు, 22ని 21 చేయమని. ప్రతి నెలా రంగు ఎందుకని అంకె చోట నల్లటి పలక గీసిచ్చాను, సుద్దముక్కతో తనే దిద్దుకునేవాడు. స్టాండులో తోటివాళ్లు 'ఎన్నికొచ్చిందిరా' అని అడిగేవారట. ఎక్కినవాళ్లు కూడా దిగేటప్పుడు వెనక్కి వెళ్లి చూసేవారట.

చివరి వాయిదా కట్టిన రోజు స్వీట్ పాకెట్‌తో వచ్చాడు. పాతదంతా చెరిపేసి ఒకే వరుస రాయమన్నాడు: 'ఇప్పుడు ఏడవండి'.

మీ మామయ్య